నెట్ సెంటర్ సిస్టమ్‌లో స్క్రీన్‌షాట్లు, క్లిప్‌బోర్డ్‌లో ఉన్నవి పూర్తిగా తీసేయాలంటే

ప్రశ్న: అన్నా, నిన్న మా చెల్లి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్స్ నెట్ సెంటర్‌లో పెట్టాం. పాస్‌వర్డ్ నా మెయిల్‌లో ఉంటే అక్కడే ఓపెన్ చేసి కాపీ పేస్ట్ చేశా. ఆప్షన్స్ లిస్టుకీ ఫీజు రసీదుకీ స్క్రీన్‌షాట్లు తీశా. వచ్చేముందు క్రోమ్ హిస్టరీ క్లియర్ చేసి, స్క్రీన్‌షాట్లు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశా. సిస్టమ్ విండోస్ 11. ఇంకేమైనా మిగిలి ఉంటాయా? రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

సమాధానం:

మిగిలి ఉండే ఛాన్స్ బాగానే ఉంది తమ్ముడూ. అందుకే ఇది మొత్తం చదివేలోపు ముందు ఫోన్‌లో కౌన్సెలింగ్ సైట్ ఓపెన్ చేసి పాస్‌వర్డ్ మార్చెయ్, అలాగే ఆ సిస్టమ్‌లో మెయిల్ ఓపెన్ చేశావు కదా, మెయిల్ సెట్టింగ్స్‌లో మిగతా డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ కొట్టి దాని పాస్‌వర్డ్ కూడా మార్చెయ్. ఆప్షన్స్ ఇంకా ఫ్రీజ్ చెయ్యకపోతే ఒకసారి లాగిన్ అయి ఆర్డర్ సరిగ్గా ఉందో లేదో కూడా చూస్కో. హాల్ టికెట్ నంబర్ నీ స్క్రీన్‌షాట్‌లోనే కనిపిస్తుంటుంది, అక్కడ టెన్త్ మెమో స్కాన్ చేయించి ఉంటే పుట్టినతేదీ అందులో ఉంటుంది, పాస్‌వర్డ్ క్లిప్‌బోర్డ్‌లో ఉంటుంది, మూడూ ఒకే మెషిన్‌లో దొరికితే ఇక ఎవడికైనా లాగిన్ అవ్వడం తేలికైపోతుంది. విడివిడిగా చూస్తే ఒక్కోటీ పెద్ద విషయం కాదు, కలిపితేనే ప్రాబ్లం.

ఇక అసలు విషయం. మా ఏరియాలో నెట్ సెంటర్ల సిస్టమ్స్ సర్వీసింగ్ నేనే చూస్తుంటాను, ఫార్మాట్ చేసేముందు బ్యాకప్ తీస్తుంటే జనాల స్క్రీన్‌షాట్లు కుప్పలు కుప్పలుగా కనిపిస్తాయి, బ్యాంక్ బ్యాలెన్స్‌లు, ఆధార్‌లు, పెళ్ళి బయోడేటాలు అన్నీ. వాళ్ళంతా నీలాగే హిస్టరీ క్లియర్ చేసే వెళ్ళుంటారు. క్రోమ్ హిస్టరీకి స్క్రీన్‌షాట్‌కీ ఏ సంబంధం లేదు, స్క్రీన్‌షాట్ తీసేది విండోస్, దాన్ని దాచేది కూడా విండోసే. ఇన్‌కాగ్నిటోలో బ్రౌజ్ చేసినా సరే, స్క్రీన్‌షాట్ తీస్తే ఫైల్ మామూలుగానే పడుతుంది.

నువ్వు ఏ కీ నొక్కావు అన్నదాన్ని బట్టే కాపీ ఎక్కడుందో తెలుస్తుంది, అందుకే ముందు అది గుర్తు తెచ్చుకో. విండోస్ కీ + Shift + S నొక్కి డబ్బా గీశావనుకో, కొత్త విండోస్ 11లో ఒట్టి PrtScn నొక్కినా అదే స్నిప్పింగ్ టూల్ వస్తుంది, అప్పుడు ఒక్క స్నిప్‌కి మూడు కాపీలు తయారవుతాయి. ఒకటి Pictures లోపల Screenshots ఫోల్డర్‌లో ఫైల్‌గా సేవ్ అవుతుంది, నువ్వు సేవ్ నొక్కకపోయినా సరే, టూల్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సేవ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. రెండోది క్లిప్‌బోర్డ్‌లోకి వెళ్తుంది, అంటే Ctrl + V కొడితే వచ్చేది. మూడోది, ఆ సిస్టమ్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే అందులో కూడా పడుతుంది. ఫైల్ డిలీట్ చేస్తే మొదటిది పోతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి. నీ విషయంలో జరిగింది ఇదే అయ్యుంటుంది.

విండోస్ కీ + PrtScn నొక్కితే స్క్రీన్ ఒక్క క్షణం మసకబారి ఫుల్ స్క్రీన్ ఫోటో అదే Screenshots ఫోల్డర్‌లో పడుతుంది, క్లిప్‌బోర్డ్‌లోకి కూడా వెళ్తుంది. విండోస్ కీ + Alt + PrtScn మాత్రం గేమ్ బార్‌ది, ఆ ఫైల్ Videos లోపల Captures అనే ఫోల్డర్‌లో పడుతుంది, ఫోటో కోసం వీడియోస్ ఫోల్డర్‌లో వెతకాలని ఎవరికీ తట్టదు కాబట్టి అక్కడ నెలల తరబడి పడుంటాయి. పాత విండోస్ 7 సిస్టమ్స్‌లో ఈ గొడవ తక్కువ, అక్కడ PrtScn కొడితే క్లిప్‌బోర్డ్‌లోకి మాత్రమే పోతుంది, హిస్టరీ అనేదే లేదు.

ఇప్పుడు క్లిప్‌బోర్డ్ హిస్టరీ గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసేది ఇదే. 2018 చివర్లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో ఇది మొదలైంది. డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది, కానీ నెట్ సెంటర్ వాళ్ళు రోజంతా అప్లికేషన్లు నింపుతుంటారు కదా, పేర్లు నంబర్లు మళ్ళీ మళ్ళీ పేస్ట్ చెయ్యడానికి ఆన్ చేసి పెట్టుకుంటారు, ఒకసారి ఆన్ చేస్తే అలాగే ఉంటుంది. విండోస్ కీ + V నొక్కి చూడు. Turn on అని బటన్ వస్తే ఆఫ్‌లో ఉన్నట్టు, దాన్ని ముట్టుకోకుండా Esc కొట్టెయ్. ఆన్‌లో ఉంటే చిన్న ప్యానెల్ వస్తుంది, పైన లేటెస్ట్‌ది, కిందకి పోయేకొద్దీ పాతవి, మొత్తం 25 ఐటమ్స్ దాకా ఉంచుతుంది. స్క్రీన్‌షాట్లయితే చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి, టెక్స్ట్ అయితే టెక్స్ట్‌లాగే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ బాక్స్‌లో చుక్కలు పడ్డాయి కదా అని ధైర్యంగా ఉంటాం, కానీ నువ్వు మెయిల్ నుంచి కాపీ చేసిన పాస్‌వర్డ్ ఇక్కడ అక్షరం అక్షరం కనిపిస్తుంది, చుక్కలేం ఉండవు. ఐటమ్ సైజు 4 ఎంబీ దాటితే హిస్టరీలోకి ఎక్కదు, కాబట్టి పెద్ద ఫోటోలు కొన్ని ఉండకపోవచ్చు, మామూలు స్క్రీన్‌షాట్లయితే ఉంటాయనే అనుకో.

చాలామంది ఏం చేస్తారంటే పాస్‌వర్డ్ పేస్ట్ చేశాక వేరే ఏదో ఒక పదం కాపీ చేసి హమ్మయ్య పాతది పోయింది అనుకుంటారు. హిస్టరీ ఆఫ్‌లో ఉంటే అది కరెక్టే, క్లిప్‌బోర్డ్‌లో ఒక్కటే పడుతుంది కాబట్టి కొత్తది వస్తే పాతది పోతుంది. హిస్టరీ ఆన్‌లో ఉంటే మాత్రం పాతది ఒక మెట్టు కిందకి జరుగుతుంది అంతే, 25 నిండేదాకా అక్కడే ఉంటుంది.

తీసెయ్యాలంటే ఆ ప్యానెల్‌లోనే పైన Clear all ఉంటుంది, అది నొక్కు. పిన్ చేసినవి మాత్రం పోవు, రీస్టార్ట్ చేసినా పోవు, పిన్ గుర్తు ఉన్నవి డిస్క్ మీద సేవ్ అయి ఉంటాయి. పొరపాటున నీది ఏదైనా పిన్ అయ్యుంటే దాని పక్కన మూడు చుక్కలు నొక్కి Delete కొట్టాలి. నెట్ సెంటర్ వాడు తన యూపీఐ ఐడీ, సెంటర్ మెయిల్ ఐడీ లాంటివి పిన్ చేసి పెట్టుకుంటాడు, వాటి జోలికి పోకు, అవి పోతే రేపు నిన్ను సిస్టమ్ ముట్టుకోనివ్వడు. ప్యానెల్ రాకపోతే Settings లో System, అందులో Clipboard, అక్కడ Clear అని ఉంటుంది, అదీ ఇదే పని చేస్తుంది. ఆ పేజీలోనే వేరే డివైజ్‌లకి సింక్ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది, సెంటర్ వాడి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అది ఆన్‌లో ఉందంటే నువ్వు కాపీ చేసిన టెక్స్ట్ వాడి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కూడా కనిపించొచ్చు. అట్లాంటి చోట పాస్‌వర్డ్ కాపీ చెయ్యకుండా చేత్తో టైప్ చెయ్యడమే బెటర్.

క్లియర్ చేశాక చెక్ చేసుకోవాలి, ఇక్కడే ఇంకో తిరకాసు. మనోళ్ళు నోట్‌ప్యాడ్ ఓపెన్ చేసి Ctrl + V కొడతారు, ఏమీ రాకపోతే ఖాళీ అయిందనుకుంటారు. క్లిప్‌బోర్డ్‌లో ఉన్నది స్క్రీన్‌షాట్ అయితే నోట్‌ప్యాడ్‌లో ఏమీ పడదు, నోట్‌ప్యాడ్‌కి బొమ్మలు అతకవు కాబట్టి. అదే పెయింట్‌లో కొట్టి చూడు, నీ ఫీజు రసీదు టక్కున ప్రత్యక్షమవుతుంది. కాబట్టి బొమ్మ కోసం పెయింట్‌లో, టెక్స్ట్ కోసం విండోస్ కీ + R నొక్కితే వచ్చే చిన్న బాక్స్‌లో పేస్ట్ చేసి చూసి, ఎంటర్ కొట్టకుండా ఆ బాక్స్‌లో ఉన్నది చెరిపేసి Esc కొట్టెయ్. క్రోమ్ అడ్రస్ బార్‌లో మాత్రం పేస్ట్ చేసి చూడకు, అక్కడ పడిన టెక్స్ట్ సెర్చ్ సజెషన్స్ కోసం అప్పటికప్పుడు బయటికి పోతుంది. ఇంకా ఏదైనా పడిందంటే ఏదో ఒక పనికిరాని పదం, "నమస్తే" అనుకో, కాపీ చేసి దాని మీద ఎక్కించి మళ్ళీ Clear all కొట్టు.

నోట్‌ప్యాడ్ వద్దు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 11లో కొత్త నోట్‌ప్యాడ్ సేవ్ చెయ్యని ట్యాబ్‌లని కూడా గుర్తుపెట్టుకుంటుంది, నువ్వు పైన X కొట్టి మూసేస్తే ఏమీ అడగదు, పోయిందనుకుంటావు, తర్వాత వచ్చినవాడు నోట్‌ప్యాడ్ తెరిస్తే నీ ట్యాబ్ నీ పాస్‌వర్డ్‌తో సహా మళ్ళీ తెరుచుకుంటుంది. ఒకవేళ నిన్న నోట్‌ప్యాడ్‌లో ఏమైనా పేస్ట్ చేసుంటే రేపు వెళ్ళగానే ముందు అదే తెరిచి చూడు. అందులో Ctrl + A కొట్టి మొత్తం డిలీట్ చేసి, విండో కాకుండా ట్యాబ్ మీద ఉన్న X నొక్కాలి, సేవ్ చెయ్యాలా అని అడిగితే Don't save అను.

ఇక ఫైళ్ళు. Screenshots ఫోల్డర్‌లో నీవి ఏవో తేలిగ్గానే గుర్తుపట్టొచ్చు, స్నిప్పింగ్ టూల్‌తో తీసినవైతే పేరులోనే తారీఖూ టైమూ ఉంటాయి, Screenshot 2025-07-08 143210.png అంటే జులై 8న మధ్యాహ్నం 2 గంటల 32 నిమిషాలకి తీసింది. విండోస్ కీ + PrtScn వైతే ఎక్కువగా Screenshot (41).png లాగా నంబర్‌తో ఉంటాయి. ఏ ఫోల్డర్‌లో పడ్డాయో గుర్తులేకపోతే This PC తెరిచి పైన సెర్చ్ బాక్స్‌లో ఇది కొట్టు:

```
*.png datemodified:today
```

బ్రౌజర్ క్యాష్ లాంటి చెత్త కూడా కొన్ని వస్తాయి, కంగారు పడకు, నీకు తెలిసినవే చూస్కో. తర్వాత png తీసేసి jpg తో ఒకసారి, pdf తో ఒకసారి కొట్టు, రసీదు పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ అయి ఉంటే అక్కడ తేలుతుంది. ముందురోజువి కావాలంటే today బదులు yesterday అని కొట్టొచ్చు, నువ్వు రేపు వెళ్ళేసరికి నిన్న తీసినవి రెండ్రోజుల కిందటివి అవుతాయి కాబట్టి this week అని కొట్టు. నీవి సెలెక్ట్ చేసి Shift + Delete కొడితే రీసైకిల్ బిన్‌కి పోకుండా నేరుగా పోతాయి. బిన్ మొత్తం ఖాళీ చెయ్యడం మానెయ్ తమ్ముడూ, అందులో వాడి ఫైళ్ళు ఉంటాయి, పొరపాటున డిలీట్ చేసుకున్నవి రేపు వెనక్కి తీసుకుందాం అనుకుని ఉండొచ్చు పాపం.

డిలీట్ చేసేముందు ఒక్కసారి ఫోల్డర్ అడ్రస్ చూడు. పైన అడ్రస్ బార్‌లో క్లిక్ చేస్తే C:\Users\... అని పూర్తి దారి కనిపిస్తుంది, దాని మధ్యలో OneDrive అనే మాట ఉందా, ఫైళ్ళ పక్కన చిన్న మేఘం బొమ్మో పచ్చ టిక్కో ఉందా చూడు. ఉంటే ఆ ఫోల్డర్ సెంటర్ వాడి వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ అవుతున్నట్టు, నువ్వు స్క్రీన్‌షాట్ తీసిన కొన్ని సెకన్లలోనే అది వాడి అకౌంట్‌కి ఎక్కేసి ఉంటుంది. సిస్టమ్‌లో డిలీట్ చేస్తే అక్కడ కూడా డిలీట్ అవుతుంది గానీ, ఆన్‌లైన్‌లో వన్‌డ్రైవ్‌కి వేరే రీసైకిల్ బిన్ ఉంటుంది, పర్సనల్ అకౌంట్ అయితే అందులో 30 రోజులు ఉంటుంది. నువ్వు Shift + Delete కొట్టినా అక్కడ ఉంటుంది. దాన్ని తీసెయ్యాలంటే అకౌంట్ ఓనర్‌నే అడగాలి, మర్యాదగా చెప్తే చేస్తారు, చాలామందికి అసలు తమ వన్‌డ్రైవ్‌లో అవన్నీ చేరుతున్నాయని కూడా తెలియదు, స్టోరేజ్ నిండిపోయిందని మెసేజ్ వస్తే నన్ను పిలుస్తారు, తెరిచి చూస్తే సగం కస్టమర్ల స్క్రీన్‌షాట్లే.

రెజ్యూమె లాంటిది వర్డ్‌లో చేసుంటే ఆఫీస్‌కి సొంత క్లిప్‌బోర్డ్ వేరే ఉంటుందని గుర్తుంచుకో, 24 ఐటమ్స్ దాకా పట్టుకుంటుంది. Home ట్యాబ్‌లో Clipboard అన్న పేరు పక్కన మూలన చిన్న బాణం గుర్తు నొక్కితే ప్యానెల్ తెరుచుకుంటుంది, అక్కడా Clear All ఉంటుంది. ఇంకోటి, డీటీపీ పని కూడా చేసే సెంటర్లలో డిట్టో లాంటి క్లిప్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ విడిగా వేసుకుంటారు. అది కాపీ చేసినవన్నీ సొంత ఫైల్‌లో రాసుకుంటుంది, విండోస్‌లో Clear all కొట్టినా దానికి పట్టదు, రీస్టార్ట్ చేసినా అలాగే ఉంటుంది. కింద గడియారం పక్కన చిన్న బాణం నొక్కి ఐకాన్లు చూడు, మౌస్ పెడితే పేరు కనిపిస్తుంది, అట్లాంటిది ఉంటే తెరిచి నీవి డిలీట్ చెయ్.

చివర్లో రీస్టార్ట్. నెట్ సెంటర్లో టైమ్ అయిపోయాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ లాక్ చేస్తుంది చూశావా, అది లాగ్ అవుట్ కాదు, పైన పరదా వేసినట్టే, లోపల విండోస్ సెషన్ నడుస్తూనే ఉంటుంది, తర్వాత కూర్చున్నవాడికి అదే డెస్క్‌టాప్ అదే క్లిప్‌బోర్డ్ దొరుకుతుంది. పొద్దున ఆన్ చేస్తే రాత్రి దాకా అన్నమాట. అదే రీస్టార్ట్ చేస్తే క్లిప్‌బోర్డూ, పిన్ చెయ్యని హిస్టరీ మొత్తం పోతాయి. రెండు నిమిషాల పని, "అన్నా సిస్టమ్ స్లోగా ఉంది ఒకసారి రీస్టార్ట్ కొడతా" అంటే ఎవరూ కాదనరు.

కొన్ని మంచి సెంటర్లలో డీప్ ఫ్రీజ్ వేసి ఉంటారు, దాని ఐకాన్ ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ. అదుంటే రీస్టార్ట్‌తో సిస్టమ్ మొత్తం పాత స్థితికి వెళ్ళిపోతుంది, ఫైళ్ళు సెట్టింగ్స్ అన్నీ పోతాయి. ఐకాన్ దాచేసి ఉంటే తెలుసుకోవడం ఎలాగంటే, డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫోల్డర్ ఒకటి క్రియేట్ చేసి రీస్టార్ట్ చెయ్, అది మాయమైతే ఫ్రీజ్ ఉన్నట్టే. కాకపోతే ఎక్కువ చోట్ల C డ్రైవ్‌ని మాత్రమే ఫ్రీజ్ చేసి D ని వదిలేస్తారు, కస్టమర్ల ఫైళ్ళు ఉంచాలని. నువ్వు స్క్రీన్‌షాట్‌ని D లో సేవ్ చేసుంటే అది చేత్తో తియ్యాల్సిందే.

ఇదంతా చేశాక కూడా మిగిలేది ఏంటో చెప్తా, దాచడం ఎందుకు. డిలీట్ చేసిన ఫైల్‌ని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తీయొచ్చు, ముఖ్యంగా పాత హార్డ్ డిస్క్ అయితే, ఎస్ఎస్‌డీ అయితే కష్టం. ఖాళీ జాగా మొత్తం తుడిచే కమాండ్లు ఉన్నాయి కానీ గంటలు పడుతుంది, గంటకి ఇంత అని డబ్బులు కట్టి కూర్చునే చోట అది జరిగే పని కాదు, నేనైతే ట్రై చెయ్యమని చెప్పను. తర్వాత కూర్చునే పిల్లాడు రికవరీ చేస్తూ కూర్చోడు, వాడికి విండోస్ కీ + V తెలిస్తే చాలు, అందుకే నేను దాని మీద అంత చెప్పింది. ఇక నువ్వు ఏ సైట్లు చూశావో అనే లాగ్ సెంటర్ వాడు కనీసం ఏడాది ఉంచాలని 2011 సైబర్ కెఫే రూల్స్‌లోనే ఉంది, దాన్ని నువ్వు తుడవలేవు, తుడవాల్సిన అవసరం కూడా లేదు, అందులో ఉండేది సైట్ల హిస్టరీనే కానీ నీ స్క్రీన్‌షాట్ కాదు. ఓనర్ టేబుల్ దగ్గర నుంచి కస్టమర్ స్క్రీన్ చూసే సాఫ్ట్‌వేరో, కీలు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేరో ఉంటే మాత్రం పైన చెప్పినవేవీ పనిచెయ్యవు, అప్పుడు ఇంటికొచ్చి పాస్‌వర్డ్ మార్చుకోవడం తప్ప దారి లేదు.

రేపటికి నా సలహా, స్క్రీన్‌షాట్ అసలు తియ్యకు. ఆప్షన్స్ లిస్టుని నీ ఫోన్ కెమెరాతో ఫోటో తీసుకో, నీట్‌గా రాకపోయినా ఆర్డర్ చూసుకోవడానికి సరిపోతుంది. రసీదు ఎలాగూ లాగిన్‌లో మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇంటికొచ్చి ఫోన్‌లోనే చేస్కో. పాస్‌వర్డ్ చీటీ మీద రాసుకెళ్ళి టైప్ చెయ్, మెయిల్ అక్కడ ఓపెనే చెయ్యొద్దు. ప్రింట్ కావాలంటే "ఈ నంబర్‌కి వాట్సాప్ పెట్టండి" అంటారు, పెట్టు తప్పేం లేదు, ప్రింట్ చేతికి రాగానే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టు, రెండ్రోజులు దాటితే ఆ ఆప్షన్ పోతుంది. అయితే ప్రింట్ తియ్యడానికి వాడు దాన్ని డౌన్‌లోడ్ చేసే ఉంటాడు, చాట్‌లో పోయినా Downloads ఫోల్డర్‌లో ఉంటుంది, వాడి పక్కనే నిలబడి "అన్నా అది కూడా తీసెయ్యవా" అని అడుగు.